‘ఓకే అంటే మొదలెడతాం’ మెయిల్‌లోకి ఎక్కేటప్పుడు

విజయవాడలో ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉందనుకుందాం. ఒక స్వీట్ షాపు వాళ్లు 5,000 అట్టపెట్టెలకు ఆర్డరిచ్చారు. పని మధ్యలో షాపు యజమాని ఫోన్ చేసి, గ్లాసీ లామినేషన్ వద్దు మ్యాట్ కావాలన్నాడు. పెట్టె మీద అడ్రస్ కూడా మార్చమన్నాడు. ప్రెస్సాయన వాట్సాప్‌లో ఇలా టైప్ చేశాడు:

“సార్ గుడ్ మార్నింగ్. మ్యాట్ చేసేద్దాం సార్, కాకపోతే రేటు కొంచెం పెరుగుద్ది. అడ్రస్ మార్చారుగా, ప్లేటు మళ్లీ తీయాలి. 20కి కష్టం, రెండ్రోజులు అటూ ఇటూ. అడ్వాన్స్ సంగతి కూడా కాస్త చూడండి. మీరు ఓకే అంటే మొదలెడతాం 🙏”

ఇద్దరి మధ్యే అయితే ఇది చాలు. కానీ షాపుకు ఒక భాగస్వామి ఉన్నాడు, లెక్కలు చూసే మనిషి వేరే ఉన్నాడు. ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నారో ఆ ఇద్దరికీ తెలియదు. అందుకే మెయిల్ కావాలి. అక్కడే చాలామంది మర్యాద పెంచబోయి విషయాన్ని పోగొడతారు. “తమరు సూచించిన మార్పుల దృష్ట్యా ధరలోనూ, గడువులోనూ స్వల్ప వ్యత్యాసం ఉండగలదని మనవి. దయచేసి పరిశీలించి తగు చర్య తీసుకోగలరు” అని రాస్తారు. ఇంగ్లీషులో రాసేవాళ్లయితే ‘డూ ద నీడ్‌ఫుల్’ అంటారు. ఏ చర్య? ఎప్పటిలోగా? వాట్సాప్ మెసేజ్‌లో ‘మీరు ఓకే అంటేనే పని’ అన్న మాట స్పష్టంగా ఉంది. మెయిల్‌లో అదే ఎగిరిపోయింది.

మార్చేముందు మెసేజ్‌లో అవతలి మనిషి చేయాల్సిన పని ఏదో వెతికి పట్టుకోవాలి. ఇక్కడ అది చివరి వాక్యంలో ఉంది. మెయిల్‌లో దాన్ని పైకి తేవాలి, ఎందుకంటే ఫోన్‌లో మెయిల్ తెరిచినవాళ్లకు ముందు కనిపించేవి పై రెండు మూడు లైన్లే. తర్వాత ‘కొంచెం’, ‘కష్టం’, ‘అటూ ఇటూ’ లాంటి మాటల దగ్గర ఆగాలి. ‘కష్టం’ అంటే మన వాడుకలో చాలాసార్లు ‘కాదు’ అనే అర్థం. పరిచయం లేనివాళ్లు దాన్ని ‘ప్రయత్నిస్తారులే’ అని చదువుకుంటారు. ఈ అంకెలు, తేదీలు మనం ఊహించి రాసేవి కావు, ప్రెస్సాయనను అడిగి తీసుకోవాల్సినవి. అడిగాక మెయిల్ ఇలా తయారవుతుంది:

విషయం: స్వీటు పెట్టెలు (5,000): రెండు మార్పులకు 12వ తేదీలోగా మీ అంగీకారం కోసం

నమస్కారం.

నిన్న ఫోన్‌లో మీరు చెప్పిన రెండు మార్పులూ చేయగలం. 12వ తేదీ సాయంత్రం 5 గంటల్లోగా ఈ మెయిల్‌కు జవాబుగా మీ అంగీకారం తెలిపితే పని మొదలుపెడతాం.

మ్యాట్ లామినేషన్‌తో పెట్టె ధర రూ.9 నుంచి రూ.9.60 అవుతుంది. అడ్రస్ నలుపు రంగులోనే ఉంది కనుక నలుపు ప్లేటు ఒక్కటే మళ్లీ తీస్తాం, దానికి రూ.600. మొత్తం రూ.45,000 బదులు రూ.48,600 (జీఎస్టీ అదనం). డెలివరీ 20 బదులు 22వ తేదీన ఇస్తాం.

కొటేషన్ ప్రకారం అడ్వాన్స్ రూ.22,500. అందులో రూ.10,000 అందింది. మిగిలిన రూ.12,500 పంపగలరు.

మార్చిన డిజైన్ జతచేశాం. అడ్రస్, ఫోన్ నంబరు సరిచూడగలరు.

అడ్వాన్స్ పేరా చూడండి. వాట్సాప్‌లో డబ్బు అడిగిన ఇబ్బందిని ‘కాస్త’, ఆ దండం బొమ్మ మోశాయి. మెయిల్‌లో వాటి స్థానంలో ‘దయచేసి’లు గుప్పించనక్కర్లేదు. కొటేషన్‌ను గుర్తుచేసి లెక్క చూపితే అది నిష్ఠూరంగా వినిపించదు, బతిమాలినట్టూ ఉండదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ‘అడ్వాన్స్ వస్తేనే మొదలుపెడతాం’ అని రాయడానికి చెయ్యి ఊరుకోదు, అలా రాస్తే గట్టిగా ఉంటుందనిపిస్తుంది. కానీ ప్రెస్సాయన ఆ షరతు పెట్టలేదు. అంగీకారానికీ పనికీ ముడి పెట్టాడు గానీ, అడ్వాన్స్‌కు పెట్టలేదు. భాష మార్చే పనిలో కొత్త షరతు చేర్చడం, ఉన్నదాన్ని పోగొట్టినంత తప్పే. అది ఆయన మనసులో ఉందేమో అడగాలి. ఉంటే ఆయన మాటగానే చేర్చాలి.

పంపేముందు, వాట్సాప్ మెసేజ్ చూడని ఒకరికి ఈ మెయిల్ ఇచ్చి, “నువ్వు షాపు యజమానివైతే ఇప్పుడేం చేయాలి?” అని అడగండి. ‘12లోగా ఒప్పుకుంటున్నానో లేదో చెప్పాలి, బ్యాలెన్స్ పంపాలి, అడ్రస్ చూడాలి’ అని తడుముకోకుండా చెప్పగలిగితే పంపేయొచ్చు.

చాలాసార్లు జవాబు మెయిల్‌కు రాదు, వాట్సాప్‌లో ఒక బొటనవేలు బొమ్మగా వస్తుంది. అది ‘చూశాను’ అనా, ‘ఒప్పుకున్నాను’ అనా? “రూ.48,600కు, 22వ తేదీ డెలివరీకి సరేనా సార్?” అని అక్కడే అడిగి తేల్చుకోవాలి. సరే అన్నాక అదే మెయిల్ వరసలో, భాగస్వామికీ లెక్కలాయనకూ చేరేలా, “ఈ రోజు వాట్సాప్‌లో మీరు తెలిపిన అంగీకారం మేరకు పని మొదలుపెడుతున్నాం” అని ఒక లైను రాసి, ఆ తర్వాతే ప్లేటుకు ఇవ్వాలి.