గ్రేడింగ్‌కు కార్డు పంపేముందు

పోకెమాన్ కార్డులనూ క్రీడాకారుల కార్డులనూ సేకరించేవారు మంచి కార్డు దొరికితే దాన్ని గ్రేడింగ్ సంస్థకు పంపుతారు. అమెరికాలో 1991లో మొదలైన పీఎస్‌ఏ వీటిలో బాగా పేరున్నది. అక్కడి నిపుణులు కార్డు అసలుదేనా, ఎవరైనా దానికి మెరుగులు దిద్దారా అని చూసి, ఒకటి నుంచి పది వరకు గ్రేడు వేస్తారు. తర్వాత దాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు చేస్తారు. ఈ పెట్టెనే సేకర్తలు స్లాబ్ అంటారు. గ్రేడు ఎంత వచ్చినా రుసుము కట్టాల్సిందే. కాబట్టి ఏ కార్డు పంపాలన్నది ఇంట్లో, మంచి వెలుతురులో కూర్చుని ముందే తేల్చుకోవాలి.

1999లో అమెరికాలో ఇంగ్లీషులో విడుదలైన పోకెమాన్ తొలి సెట్టునే తీసుకుందాం. అందులోని 102 కార్డుల్లో 16 మాత్రమే హోలోగ్రామ్ మెరుపుతో ఉంటాయి. ఆ రోజుల్లో పిల్లలు వీటిని స్లీవుల్లేకుండానే ఆడి, జేబుల్లో వేసుకుని తిరిగారు. అందుకే అలాంటి కార్డు ఒకటి చేతికొస్తే ముందు వెనకవైపు చూడాలి. వెనక అంచు ముదురు నీలం. అంచు ఏమాత్రం అరిగినా లోపలి తెల్ల కాగితం సన్నని చుక్కలుగా బయటపడుతుంది. నల్లటి గుడ్డ మీద పెట్టి పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో నాలుగు మూలలూ చూస్తే, మామూలుగా కంటికి ఆనని తెలుపు కూడా కనిపిస్తుంది.

తర్వాత ముందువైపు. హోలోగ్రామ్ మీది గీతలు ఎదురుగా పట్టుకుంటే కనపడవు. టేబుల్ లైటు కింద కార్డును కొద్దికొద్దిగా వంచుతూ పోతే ఏదో ఒక కోణంలో గీతలన్నీ ఒక్కసారిగా మెరుస్తాయి. కొనేటప్పుడు ఫొటోలో చక్కగా కనిపించిన కార్డుకు అనుకున్న గ్రేడు రాకపోవడానికి చాలాసార్లు ఈ గీతలే కారణం. వేలితో తడిమి చూసే అలవాటు మాత్రం మానుకోవాలి. వేలిముద్ర పడటం తప్ప దానివల్ల తెలిసేదేమీ లేదు.

ఇక బొమ్మ మధ్యకు ఉందో లేదో కొలవాలి. ఎడమ పసుపు అంచు 3 మిల్లీమీటర్లు, కుడి అంచు 2 మిల్లీమీటర్లు ఉంటే అది 60:40 కింద లెక్క. పదో గ్రేడుకు ముందువైపు సుమారు 55:45లోపు ఉండాలి. వెనకవైపు ఇంకాస్త సడలింపు ఉంటుంది. పై, కింది అంచులను కూడా ఇలాగే కొలిచి, రెండిట్లో ఎక్కువ తేడా ఉన్నదాన్నే పరిగణించాలి. ఇది అచ్చులోనే వచ్చిన లోపం కనుక ఎంత జాగ్రత్తగా దాచిన కార్డుకైనా ఉండొచ్చు. మిగతా అన్నీ బాగున్నా కార్డును తొమ్మిదికో ఎనిమిదికో దించడానికి ఇదొక్కటే చాలు.

శుభ్రం చేయడమంటే కార్డు మీద పడ్డ దుమ్మూ వేలిముద్రలూ తీసేయడం, అంతవరకే. ముందు రబ్బరు బుడ్డి లాంటి చిన్న బ్లోయర్‌తో గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టాలి. ఇది చేయకుండా గుడ్డ పెడితే ఇసుక రేణువొకటి గుడ్డ కింద ఇరుక్కుని హోలోగ్రామ్ మీద పొడవాటి గీత గీస్తుంది. తర్వాత కొత్త, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో వేలిముద్ర ఉన్నచోట మాత్రమే నొక్కకుండా తుడవాలి. అంచు వైపు వచ్చినప్పుడు గుడ్డ మూలకు తగులుకోకుండా చూసుకోవాలి. నీళ్లు, స్పిరిటు, పాలిష్, రబ్బరు ఏవీ వాడకూడదు. తడి తగిలితే కాగితం పొరలు ఉబ్బుతాయి, రబ్బరుతో రుద్దినచోట పైపొర నిగనిగ పోతుంది. తెల్లబడ్డ అంచుకు రంగు పూయడం, మూలను కోసి సరిచేయడం, మడతను వేడితో నొక్కి సాపు చేయడం ఇవన్నీ మార్పుల కిందికి వస్తాయి. అలాంటిది పట్టుబడితే సంస్థ అంకె వేయదు, కట్టిన రుసుమూ వెనక్కి రాదు. అంతకంటే ముఖ్యంగా, పట్టుబడకపోతే అది తర్వాత కొనేవారిని మోసం చేసినట్టే.

స్లీవులో పెట్టేటప్పుడే ఎక్కువ కార్డులు దెబ్బతింటాయి. పాత స్లీవు పారేసి కొత్త పలుచని స్లీవు తీసుకోవాలి. దాని నోరు కొద్దిగా తెరిచి, కార్డు కింది రెండు మూలలూ లోపలికి వెళ్లాయని చూసుకున్నాకే మిగతాది జార్చాలి. ఒక మూల స్లీవు అంచుకు తగిలి ఆగితే బలవంతంగా తోయకుండా బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. తర్వాత స్లీవుతో సహా కార్డు సేవర్ అనే, కొంచెం వంగే ప్లాస్టిక్ కవరులో పెట్టాలి. గట్టి టాప్‌లోడర్ భద్రంగా కనిపిస్తుంది గానీ, అందులోంచి కార్డును బయటికి లాగడం కష్టం. అందుకే పీఎస్‌ఏ కార్డు సేవర్‌నే అడుగుతుంది. టేపు అంటించకూడదు. తీసేవారికి పట్టు దొరికేలా పలుచని స్లీవు పైఅంచుకు చిన్న స్టికీ నోటు ముక్క అంటిస్తే చాలు.

ఇప్పుడు డబ్బు లెక్క. అంకెలు ఉదాహరణకే. గ్రేడు లేకుండా 60 డాలర్లకు అమ్ముడయ్యే హోలోగ్రామ్ కార్డు ఒకటుందనుకుందాం. అదే కార్డు పదికి 200, తొమ్మిదికి 80, ఎనిమిదికి 50 డాలర్లు పలుకుతుంది. రుసుమూ రానూపోనూ తపాలా కలిపి 30, అమ్మే వేదిక కమిషన్ 13 శాతం. ఇలాంటి కార్డులు నాలుగు పంపితే ఒకటి పదికి, రెండు తొమ్మిదికి, ఒకటి ఎనిమిదికి వస్తాయని నమ్మకం ఉంటే సగటు ధర 102.50 డాలర్లు. కమిషన్, ఖర్చులు పోగా సుమారు 59 మిగులుతుంది. గ్రేడు లేకుండా అమ్మితే 52 వచ్చేది. కార్డు తిరిగొచ్చేదాకా ఆగినందుకు దక్కింది ఏడు డాలర్లు.

అదే పంపినవాటిలో పదో వంతు మాత్రమే పదికి, ఆరు వంతులు తొమ్మిదికి, మూడు వంతులు ఎనిమిదికి వస్తే సగటు 83కు పడిపోతుంది. చివరికి చేతికొచ్చేది 42, అంటే పంపినందుకు పది డాలర్ల నష్టం. రెండు లెక్కల్లోనూ ధరలు మారలేదు, మారింది పది వచ్చే అవకాశం ఒక్కటే. అందుకే భూతద్దంతో చూసినప్పుడు తనకు తాను నిజం చెప్పుకోవాలి. తొమ్మిది వచ్చినా నష్టం రాని కార్డును పంపడమే మంచి పద్ధతి. పై కార్డు ఆ పరీక్షలో నెగ్గదు: 80లో కమిషన్, ఖర్చులు తీసేస్తే దాదాపు 40 మిగులుతుంది. చిన్నప్పటి జ్ఞాపకంగా దాచుకోవాలనుకునే కార్డుకు మాత్రం ఈ లెక్క వర్తించదు.

ఫారంలో రాసే విలువంటే కొన్న ధర కాదు, గ్రేడు వచ్చాక ఎంత పలుకుతుందన్న అంచనా. దాన్నిబట్టే రుసుము శ్రేణి, బీమా నిర్ణయమవుతాయి. పై కార్డుకు మూలలు చూశాక తొమ్మిదే ఎక్కువ సంభవమనిపిస్తే 80 అని రాయడం సబబు. 20 అని రాస్తే, పోయినా పాడైనా పరిహారం ఆ 20 లెక్కనే వస్తుంది. వచ్చిన గ్రేడు విలువ శ్రేణి పరిమితి దాటితే సంస్థ అదనపు రుసుమూ వేస్తుంది. ఆశతో 200 అని రాసుకుంటే కొన్నిసార్లు పైశ్రేణి రుసుము కట్టాల్సివస్తుంది. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో పంపేవారికి ఇంకో సంగతి: స్లాబు తిరిగొచ్చినప్పుడు దాన్ని దిగుమతిగా చూసి సుంకం అడగవచ్చు. కాబట్టి కార్డు ఇక్కడినుంచే వెళ్లిందని చూపే కాగితాలూ, ప్యాక్ చేసేముందు తీసిన ఫొటోలూ దాచుకోవాలి.

ప్యాకింగులో కార్డులను ఫారంలోని వరుసలోనే పేర్చాలి. వాటికంటే కాస్త పెద్దవైన రెండు అట్టముక్కల మధ్య పెట్టి రబ్బరు బ్యాండు వదులుగా వేయాలి. బిగిస్తే చివరి కార్డుల అంచులు నొక్కుకుపోతాయి. బబుల్ ర్యాప్ చుట్టి చిన్న పెట్టెలో పెట్టాక ఊపి చూడాలి, లోపల కదలిక వినిపిస్తే ఇంకాస్త కాగితం కుక్కాలి.