ఒక క్యాప్షన్, రెండు దుకాణాలు

ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు ఖాతాలు కలిసి పెట్టే పోస్టును కొలాబ్ పోస్ట్ అంటారు. 2021 అక్టోబరులో ఈ సదుపాయం వచ్చింది. అంతకుముందు రెండు దుకాణాలు కలిసి ఏదైనా అమ్మాలంటే ఎవరి పోస్టు వారే పెట్టుకుని, ఒకరి పేరు ఒకరు ట్యాగ్ చేసుకునేవారు. ఎవరి మాటలు వారివి కాబట్టి ఎవరి ఖాతాదారులకు తగ్గట్టు వారు రాసుకునే వీలుండేది. కొలాబ్ పోస్టులో ఆ వీలు లేదు. ఒకరు పోస్టు పెట్టి రెండోవారిని ఆహ్వానిస్తారు. వారు ఒప్పుకోగానే అదే పోస్టు రెండు ప్రొఫైళ్లలోనూ కనిపిస్తుంది. లైకులు ఉమ్మడి, కామెంట్లు ఉమ్మడి, క్యాప్షన్ కూడా ఒక్కటే. చదివేవారు మాత్రం రెండు రకాలు. ప్రతి రకానికీ సగం సరుకు పాత చుట్టం, మిగతా సగం ముక్కూమొహం తెలియనిది.

ఉదాహరణకు గుంటూరులో ఇంటి పొడులు అమ్మే చిన్న దుకాణం, హైదరాబాద్‌లో గానుగ నూనె ఆడించే మరో చిన్న దుకాణం కలిసి ఒక కాంబో పెట్టాయనుకుందాం. కందిపొడి పావు కిలో 180 రూపాయలు, కరివేపాకు పొడి పావు కిలో 200, నువ్వుల నూనె అర లీటరు 320. విడివిడిగా కొంటే 700 అయ్యేది కాంబోలో 599కే వస్తుంది. ఇలాంటి చోట్ల సాధారణంగా కనిపించే క్యాప్షన్ ఇలా ఉంటుంది:

“మా ప్రయాణంలో మరో తీపి మలుపు! రుచికి ఆరోగ్యం తోడైన వేళ... మా అభిమానుల కోసం ప్రత్యేక కాంబో తెచ్చేశాం. ఈ వారాంతం వరకే. త్వరపడండి! లింక్ బయోలో.”

చదవడానికి హుషారుగానే ఉంది. కొనడానికి మాత్రం ఇందులో ఏమీ లేదు. ఏ వస్తువులో, ఎంతకో, ఎవరి దగ్గరో తెలియదు. ధర రాయకపోవడం కంటికి కనిపించే లోపం, ఎవరో ఒకరు అడగగానే సరిదిద్దుతారు. అంత సులువుగా దొరకనిది ‘మా’ అన్న మాట. పొడుల పేజీలో చదివేవారికి ‘మా’ అంటే పొడులవారు, నూనె పేజీలో చదివేవారికి నూనెవారు. పోస్టు పైన రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఇద్దరినీ ఎరగని మూడోవారికి ఆ ‘మా’ ఎవరిదో ఏ రకంగానూ తెలియదు. ‘మా పొడులు’ అని రాస్తే నూనె ఖాతా చూసేవారు గానుగవారే పొడులు కూడా మొదలుపెట్టారనుకుంటారు. తెలుగులో ‘మేము’, ‘మనం’ అని రెండు మాటలున్నా ఇక్కడ రెండూ అక్కరకు రావు. ‘మేము’ చదువరిని బయట ఉంచుతుంది తప్ప ఇద్దరు అమ్మకందారుల్లో ఎవరో చెప్పదు. ‘మనం’ అంటే కొనేవారు కూడా వ్యాపారంలో వాటాదారులైపోతారు. ఉమ్మడి క్యాప్షన్‌లో పొడులవారివి ఇవి, గానుగవారిది ఇది అని ఎవరి పేరు పెట్టి వారి సరుకు చెప్పడమే దారి. కాస్త ముక్తసరిగా అనిపించినా ఎవరి సరుకు ఏదో తేలిపోతుంది.

‘లింక్ బయోలో’ అన్నదీ ఇదే జబ్బు. ఎవరి బయోలో? క్యాప్షన్‌లో రాసిన వెబ్ చిరునామా నొక్కితే తెరుచుకోదు కాబట్టి బయో వైపు చూపించక తప్పదు. కానీ నూనె పేజీలో పోస్టు చూసినవారు నూనె బయోకే వెళ్తారు. అక్కడ పాత లింకు ఉంటే, కాంబో లేని దుకాణంలో కాసేపు వెతికి వెనక్కి వచ్చేస్తారు. డిస్కౌంట్ కోడ్ ఇచ్చినప్పుడు ఇది ఇంకా ముదురుతుంది. కోడ్ ఒకరి వెబ్‌సైట్‌లో పనిచేస్తుంది, సగం మంది దాన్ని రెండోవారి వెబ్‌సైట్‌లో కొడతారు. చెల్లదని రాగానే మోసమనుకుంటారు. ఆర్డరు తీసుకునే చోటు ఒక్కటే ఉండాలి, ఆ చోటికి దారి రెండు బయోల్లోనూ ఉండాలి.

తర్వాత మొదటి వాక్యం సంగతి. క్యాప్షన్‌లో 2,200 అక్షరాల దాకా రాయొచ్చు. కానీ ఫీడ్‌లో మొదట కనిపించేది సుమారు 125 అక్షరాలే, మిగతాది ‘మరిన్ని’ నొక్కినవారికే. తెలుగులో రాసేవారికి ఇది ఇంకా ఇరుకు. కంప్యూటర్ లెక్కలో గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, వత్తుగా పలికే హల్లు మరొకటి. ‘స్త్రీ’ అని చేత్తో రాస్తే ఒకే అక్షరం, ఫోను లెక్కలో ఆరు. పండగ శుభాకాంక్షలతో మొదలుపెడితే ఆఫర్ మడత కిందకు పోతుంది. కాబట్టి వస్తువులు, ధర, గడువు మొదటి వాక్యంలోనే పడాలి. పైన చెప్పిన కాంబోకి అది ఇలా ఉండొచ్చు:

“కందిపొడి, కరివేపాకు పొడి, గానుగ నువ్వుల నూనె కలిపి రూ.599. అక్టోబరు 17 రాత్రి 9 గంటల వరకే.”

ఇది ఫోను లెక్కలో 90 అక్షరాలు. ‘ఈ వారాంతం’ బదులు తేదీ వేయడానికి కారణం ఉంది. పోస్టు పెట్టిన రోజే అందరికీ కనిపించదు, నాలుగు రోజుల తర్వాత చూసినవారికి ఆ వారాంతం వేరే వారాంతం.

మడత కింద రాసేదానికి రెండు వర్గాల సందేహాలే కొలత. పొడులు కొనేవారికి కందిపొడి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. వారికి వచ్చే ప్రశ్న వేరు: కిరాణా కొట్లో ఇంకా తక్కువకు దొరికే నూనెకు అర లీటరు 320 ఎందుకు? నూనెవారి ఖాతాదారులకు ఆ ధర అలవాటే. వారి అనుమానమంతా పొడి మీద: వెల్లుల్లి వేశారా, కారం ఎంత, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది? వెల్లుల్లి తినని ఇళ్లు కొన్నుంటాయి, ఆ ఒక్క మాట లేక ఆర్డరు ఆగిపోతుంది. ఒకవైపు వారికి తెలిసిందే మళ్లీ చెబుతున్నామేమోనన్న మొహమాటంతో చాలామంది ఈ వివరాలు వదిలేస్తారు. తెలిసినవారు ఆ వాక్యం దాటేసి పోతారు, తెలియనివారు అది లేకపోతే కొనరు. మొదటి వాక్యం కింద మిగతా క్యాప్షన్ ఇలా సాగుతుంది:

“పొడులు గుంటూరు పొడులవారివి. ఇంట్లో వేయించి దంచినవి, ఒక్కోటి 250 గ్రాములు. కందిపొడిలో వెల్లుల్లి లేదు, కరివేపాకు పొడిలో ఉంది. రెండూ రెండు నెలలు నిలవుంటాయి.
నూనె హైదరాబాద్ గానుగవారిది. చెక్క గానుగలో ఆడించింది, అర లీటరు సీసా. కాచకుండా వేడి అన్నంలో పొడి మీద వేసుకునేందుకు బాగుంటుంది.
విడిగా కొంటే రూ.700. మొత్తం 150 కాంబోలే ఉన్నాయి.
ఆర్డరుకు గుంటూరు పొడులవారి వాట్సాప్‌కు ‘కాంబో’ అని పంపండి. నంబరు రెండు ఖాతాల బయోల్లోనూ ఉంది. మూడూ ఒకే పెట్టెలో గుంటూరు నుంచి వస్తాయి.
తెలుగు రాష్ట్రాల్లో డెలివరీ ఉచితం, మిగతా రాష్ట్రాలకు రూ.80. విదేశాలకు పంపడం లేదు.
సీసా కారినా పగిలినా పెట్టె అందిన 24 గంటల్లో అదే నంబరుకు ఫొటో పంపండి, ఇంకోటి పంపుతారు.”

సీసా గురించిన చివరి మాట అపశకునంలా ఉందని కొందరు తీసేయమంటారు. కొరియర్‌లో గాజు సీసా వెళ్తున్నప్పుడు ఆ మాట అవసరం. అది లేకపోతే సీసా పగిలిన రోజు కొన్నవారు గానుగవారిని అడుగుతారు, వారు ప్యాకింగ్ మాది కాదంటారు, పొడులవారు నూనె మాది కాదంటారు. ఎవరు బాధ్యులో ఇద్దరూ ముందే తేల్చుకున్నారా లేదా అన్నది ఆ వాక్యం రాయబోతే బయటపడుతుంది. విదేశాలకు లేదన్న ముక్కా అలాంటిదే. పొడుల ఖాతాను అమెరికాలో ఉన్న పిల్లలు చూస్తుంటారు, హైదరాబాద్ వరకే అమ్మే నూనె దుకాణానికి ఆ ఆలోచనే తట్టకపోవచ్చు.

‘నూనె ఉచితం’ అని రాయాలని కొందరికి ఉబలాటం. పొడుల ధర పెంచి, ఆ పెంపులోనే నూనె ఖరీదు కలిపేసి ఉచితమనడం కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్రం 2022 జూన్‌లో తెచ్చిన మార్గదర్శకాల్లో ఉచితమని చెప్పే ప్రకటనలకు ప్రత్యేక నిబంధనలున్నాయి. వాటి ప్రకారం, తెప్పించుకోవడానికి తప్పనిసరిగా అయ్యే ఖర్చు తప్ప మరేదైనా కొనుగోలుదారు చెల్లించాల్సి వస్తే దాన్ని ఉచితమనకూడదు. 700 రూపాయల సరుకు 599కి అని చెప్పడంలో ఆ తంటా లేదు, పైగా ఎంత మిగిలిందో చదివేవారే లెక్క వేసుకుంటారు.

ఆ 700 కూడా ఇద్దరి దుకాణాల్లో ఆ రోజు నిజంగా నడుస్తున్న ధరల మొత్తమై ఉండాలి. కాంబో నడుస్తుండగా గానుగవారు తమ వెబ్‌సైట్‌లో నూనెను పండగ ఆఫర్ కింద 250కి పెడితే విడి ధర 630కి పడిపోతుంది. క్యాప్షన్‌లోని లెక్క తప్పవుతుంది, దాన్ని పట్టేసి కామెంటు పెట్టేవారు ఎప్పుడూ ఒకరుంటారు.

పోస్టు ఎవరి ఖాతా నుంచి పెట్టాలన్నది మర్యాద కోసం తేల్చుకునే విషయం కాదు. క్యాప్షన్ మార్చే వీలు పోస్టు పెట్టినవారికే ఉంటుంది, ఆహ్వానం ఒప్పుకున్నవారు కావాలంటే తమ పేరు తీసేసుకోగలరు అంతే. కాబట్టి ఆర్డర్లు తీసుకునేవారు, సరుకు ఎంత మిగిలిందో తెలిసినవారు పెట్టాలి. ఇక్కడ అది పొడులవారు. గానుగవారు ఆ సమయంలో ఫోను దగ్గర పెట్టుకుని వెంటనే ఒప్పుకోవాలి. ఆలస్యమైతే అంతసేపూ నూనె ఖాతాదారులకు పోస్టు తమ దుకాణం పేజీలో కనిపించదు.

క్యాప్షన్ అర్థమైందో లేదో పెట్టకముందే చూసుకోవచ్చు. పొడులవారి గురించి మాత్రమే తెలిసిన ఒకరికి, నూనెవారి గురించి మాత్రమే తెలిసిన మరొకరికి చూపించి, ఎవరు ఏం అమ్ముతున్నారు, ఎంతకు, ఎలా కొనాలి అని అడిగితే చాలు. పెట్టాక కామెంట్లే చెబుతాయి. ధర ఎంతని అడిగేవారు చదవనివారు, వారు ఎప్పుడూ ఉంటారు. అదే ప్రశ్న ఒకే వైపు నుంచి పదే పదే వస్తే లోపం క్యాప్షన్‌దే. ‘నూనె ఒక్కటే ఈ ధరకు ఇస్తారా?’ అని నలుగురు అడిగారంటే, ఆఫర్ కాంబోకే గానీ విడి వస్తువులకు కాదన్న మాట చేర్చాలి. ఒక్కొక్కరికీ విడిగా జవాబిచ్చేకన్నా క్యాప్షన్ దిద్ది, అదే జవాబును ఒక కామెంటుగా రాసి పైన పిన్ చేయడం మేలు. ఇద్దరిలో ఎవరు జవాబిస్తారో ముందే అనుకోకపోతే ఒకే ప్రశ్నకు రెండు ఖాతాల నుంచి రెండు రకాల జవాబులు పడతాయి.

గడువు తీరాక పోస్టును ఏం చేయాలో కూడా అనుకోవాలి. తీసేస్తే రెండు పేజీల్లోంచీ పోతుంది, దాంతోపాటు కామెంట్లలో ఉన్న జవాబులూ పోతాయి. ఉన్నదున్నట్టు వదిలేస్తే ఎవరో ఫార్వర్డ్ చేసిన పోస్టు చూసి నెల తర్వాత కూడా ‘కాంబో’ అని వాట్సాప్‌లు వస్తూనే ఉంటాయి. 17వ తేదీ రాత్రి 9 దాటగానే, లేదా 150వ పెట్టె అమ్ముడవగానే పొడులవారు మొదటి వాక్యం చెరిపి, “ఈ కాంబో అయిపోయింది. పొడులు గుంటూరు పొడులవారి దగ్గర, నూనె హైదరాబాద్ గానుగవారి దగ్గర మామూలు ధరకు దొరుకుతాయి” అని రాసి, బయోల్లోని నంబరు తీసేయమని గానుగవారికి ఫోను చేస్తారు.