లాభం పద్నాలుగు లక్షలు, బ్యాంకులో మూడే

మార్చి వచ్చిందంటే గుంటూరులో కారం మిల్లులకు ఊపిరాడదు. యార్డుకి కొత్త కాయ జోరుగా దిగే రోజులవి. ఏడాది పొడవునా ఆడించడానికి కావలసిన సరుకు ఆ కొద్ది నెలల్లోనే కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలి. ఖాతాలు మూసే మార్చి 31 కూడా ఆ రద్దీలోనే వచ్చిపడుతుంది. అందుకే ఈ వ్యాపారంలో లెక్కలు రాసేవాళ్లకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "పద్నాలుగు లక్షలు లాభమన్నారు కదండీ, బ్యాంకులో మూడు లక్షలే ఉన్నాయేంటి? మిగతాది ఏమైనట్టు?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేదే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్, అంటే నగదు రాకపోకల పట్టిక. ఏడాదిలో జరిగిన ప్రతి చెల్లింపునీ ఏరి రాయడం ఒక దారి. లాభం దగ్గర మొదలుపెట్టి, రెండు బ్యాలెన్స్ షీట్ల మధ్య తేడాలు చూసుకుంటూ నగదు దాకా నడవడం ఇంకో దారి. ఈ రెండోదే పరోక్ష పద్ధతి. షేర్ మార్కెట్లో నమోదైన కంపెనీలు ఈ పద్ధతిలోనే పట్టిక ఇవ్వాలని సెబీ నిబంధన. సొంత మిల్లు నడుపుకునే ఆసామికి ఈ పట్టిక తయారు చేయాలని కంపెనీల చట్టం ఏమీ చెప్పదు. అయినా ఆయనకే ఇది ఎక్కువ అవసరమని నా నమ్మకం.

ఒక మిల్లు ఉందనుకుందాం. అర్థం కావడం కోసం అంకెలు నేనే వేశాను. అన్నీ లక్షల్లో.

| | పోయినేడు మార్చి 31 | ఈ ఏడు మార్చి 31 |
|---|---|---|
| భవనం, యంత్రాలు (తరుగుదల పోను) | 40 | 52 |
| సరుకు నిల్వ | 18 | 30 |
| రావలసిన బాకీలు | 14 | 25 |
| నగదు, బ్యాంకు | 9 | 3 |
| మొత్తం ఆస్తులు | 81 | 110 |
| యజమాని పెట్టుబడి | 45 | 53 |
| టర్మ్ లోన్ | 22 | 34 |
| సరుకు ఇచ్చినవాళ్లకు బాకీ | 12 | 20 |
| ఇవ్వవలసిన ఖర్చులు | 2 | 3 |
| మొత్తం అప్పులు, పెట్టుబడి | 81 | 110 |

లాభం 14. అన్నిటికంటే ముందు చూడవలసింది నగదు వరుస. 9 కాస్తా 3 అయింది, అంటే 6 తగ్గింది. మనం ఎటు తిరిగినా చివరికి ఈ ఆరు దగ్గరికే చేరాలి. గమ్యం ముందే తెలిసిన ప్రయాణం ఇది.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో ఒక్క నిమిషం ఆగి చూద్దాం. బ్యాలెన్స్ షీట్ రెండు వైపులూ ఎప్పుడూ సమానం. కాబట్టి నగదు అంటే అప్పులూ పెట్టుబడీ కలిపి, అందులోంచి నగదు కాని ఆస్తులన్నీ తీసేస్తే మిగిలేది. అప్పో పెట్టుబడో పెరిగితే నగదు పెరగాలి. నగదు కాని ఆస్తి పెరిగితే నగదు తగ్గాలి. కలపాలా తీసేయాలా అని ఎక్కడ అనుమానం వచ్చినా ఈ రెండు ముక్కలు గుర్తు తెచ్చుకుంటే చాలు. సూత్రాలు బట్టీ పట్టనక్కర్లేదు.

ఇక లాభం దగ్గర మొదలుపెడదాం. ఆ 14 లక్షలు తేలకముందు తరుగుదల కింద 5 లక్షలు ఖర్చు రాశారు. అది పుస్తకంలో రాసిన ఖర్చే కానీ, ఆ పేరుతో ఎవరికీ చెక్కు ఇవ్వలేదు. అందుకని తిరిగి కలుపుతాం, 19 అవుతుంది. తరుగుదల వల్ల డబ్బు వస్తుందని కొందరు పొరబడుతుంటారు. అది డబ్బు తెచ్చేది కాదు, లాభంలోంచి అనవసరంగా తీసేసినదాన్ని వెనక్కి పెడుతున్నాం, అంతే.

ఆ ఏడాది ఒక పాత గ్రైండింగ్ యంత్రాన్ని అమ్మారు. పుస్తకాల్లో దాని విలువ 3 లక్షలు, అమ్మితే వచ్చింది 4. మిగిలిన ఒక లక్ష లాభంలో కలిసే ఉంది. కానీ ఆ 4 లక్షలనూ కలిపి యంత్రాల లెక్కలో చూపిస్తాం కాబట్టి, ఇక్కడ ఆ ఒక లక్ష తీసేయాలి. లేకపోతే ఒకే డబ్బు రెండుసార్లు లెక్కకొస్తుంది. 19లోంచి 1 పోతే 18. లోను మీద కట్టిన వడ్డీ 3 లక్షలు కూడా లాభం తేల్చేటప్పుడు ఖర్చుగా తీసేసినదే. మన అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం, ఫైనాన్స్ వ్యాపారం చేయని సంస్థ కట్టే వడ్డీని అప్పుల లెక్కలో చూపాలి. కాబట్టి ఇక్కడ కలిపి, అక్కడ తీసేస్తాం. 21 అయింది.

ఇప్పుడు సరుకు, బాకీల వంతు. నిల్వ 18 నుంచి 30కి పెరిగింది, అంటే 12 లక్షలు కోల్డ్ స్టోరేజీలో బస్తాల రూపంలో కూర్చుంది. దుకాణాల వాళ్లు ఇవ్వవలసినది 14 నుంచి 25కి చేరింది. అమ్మకం జరిగింది, లాభం రాసుకున్నాం, డబ్బు మాత్రం వాళ్ల దగ్గరే ఉంది. అది 11. ఈ రెండూ కలిసి 23 లక్షలు మింగాయి. కాస్త ఆదుకున్నది మనకు సరుకు అరువిచ్చినవాళ్లు, వాళ్ల బాకీ 8 పెరిగింది. ఇంకా కట్టని ఖర్చులు 1 పెరిగాయి. అంతా కలిపితే 14 తగ్గుదల. 21లోంచి 14 పోతే, వ్యాపారం నడపడం వల్ల చేతికొచ్చిన నగదు 7 లక్షలు.

తర్వాతిది యంత్రాల వరుస. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. 40 కాస్తా 52 అయింది కదా, 12 లక్షలు పెట్టి యంత్రం కొన్నారని రాసేస్తారు. కాదు. మొదట ఉన్న 40లోంచి తరుగుదల 5 పోయింది, అమ్మిన యంత్రం విలువ 3 పోయింది. మిగిలింది 32. అది చివరికి 52 కావాలంటే మధ్యలో 20 లక్షల కొత్త యంత్రం వచ్చి ఉండాలి. కాబట్టి 20 బయటికి, పాతది అమ్మిన 4 లోపలికి. నికరంగా 16 బయటికి పోయింది.

చివరిది అప్పూ పెట్టుబడీ. టర్మ్ లోన్ 12 పెరిగింది. పెట్టుబడి 45కి లాభం 14 కలిపితే 59 ఉండాలి, ఉన్నది 53. ఆ 6 యజమాని ఇంటికి వాడుకున్నది, తన ఆదాయపు పన్ను కూడా అందులోనే. వడ్డీ 3. పన్నెండు వచ్చి తొమ్మిది పోతే మిగిలింది 3.

మూడూ కలపండి. 7 వచ్చింది, 16 పోయింది, 3 వచ్చింది. తేడా ఆరు తగ్గుదల. బ్యాంకు పుస్తకంతో సరిపోయింది.

సరిపోయింది కాబట్టి పట్టిక ఒప్పేనని చాలామంది సంతోషపడి ఫైలు మూసేస్తారు. నాకు మాత్రం అసలు భయం ఇక్కడే మొదలవుతుంది. తరుగుదల సంగతీ, అమ్మిన యంత్రం సంగతీ మనకెవరూ చెప్పలేదనుకోండి. లాభం 14కి వడ్డీ 3 కలిపి, సరుకు బాకీల 14 తీసేస్తే వ్యాపారం నుంచి వచ్చింది 3. యంత్రాలకు పోయింది 12. అప్పూ పెట్టుబడీ వైపు వచ్చింది 3. కలిపితే మళ్లీ ఆరు తగ్గుదలే! ఏడు తెచ్చే వ్యాపారాన్ని మూడే తెస్తోందని తప్పుగా రాసినా మొత్తం పైసా తేడా లేకుండా కలుస్తుంది. రెండు బ్యాలెన్స్ షీట్లూ సరిగ్గా కలిసినప్పుడు వాటి తేడాలు ఎలా పేర్చినా కలవక తప్పదు. మొత్తం కలవకపోతే ఎక్కడో తప్పుందని తెలుస్తుంది. కలిసినంత మాత్రాన అన్నీ తమ తమ చోట్ల ఉన్నాయని తెలియదు.

అందుకే ఈ పనికి రెండు బ్యాలెన్స్ షీట్లూ ఒక లాభం అంకే సరిపోతాయని అనుకోకూడదు. కలం పట్టేముందు ఆసామిని కొన్ని అడిగి తెలుసుకోవాలి. తరుగుదల ఎంత రాశారు? ఏమైనా అమ్మారా, ఎంతకు? పాత లోను తీర్చి కొత్తది తీసుకున్నారా? ఈ చివరిది ఎందుకంటే 22 పెరిగి 34 అయిన లోను వెనక, 10 తీర్చి 22 కొత్తగా తీసుకున్న కథ ఉండొచ్చు, అప్పుడు ఆ రెంటినీ విడివిడిగా చూపాలి.

అడగడం మరిచిపోయే ప్రశ్న ఇంకొకటుంది. బాకీల్లో 20 ఉంది కదా, అందులో యంత్రం అమ్మినవాళ్లకు ఇవ్వవలసింది ఏమైనా ఉందా? 3 లక్షలు ఉందనుకోండి. అప్పుడు ఆ 3 కాయ అమ్మినవాళ్లు ఇచ్చిన అరువు కాదు. వ్యాపారం నుంచి వచ్చింది 7 కాదు, 4. యంత్రానికి నిజంగా చెల్లించింది 20 కాదు, 17. మొత్తం ఈసారీ ఆరు తగ్గుదలే. కానీ రోజువారీ వ్యాపారం బలం మీద బ్యాంకు మేనేజరు వేసుకునే అంచనా దాదాపు సగానికి పడిపోతుంది.

ఇంకా లోతైన పరిమితి ఒకటుంది. ఈ పట్టికకు సొంతంగా కళ్లు లేవు, బ్యాలెన్స్ షీట్ చూపించిందే చూస్తుంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. హైదరాబాదులో ఆ రోజు తెలిసినవాళ్లెవరూ మరిచిపోలేరు. అలాంటి బ్యాలెన్స్ షీట్ల నుంచి తీసిన పట్టిక కూడా చక్కగా కలుస్తుంది, ఎందుకంటే అది చేరవలసిన చివరి అంకే అబద్ధం. కాబట్టి మార్చి 31 నాటి బ్యాంకు నిల్వను బ్యాంకు నుంచే తెప్పించుకుని చూసి, ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టాలి.

మళ్లీ మన మిల్లు ఆసామి దగ్గరికి వద్దాం. వ్యాపారం నుంచి వచ్చిన 7లో వడ్డీ 3 పోగా 4 మిగిలింది. దానికి పాత యంత్రం అమ్మిన 4, కొత్త లోను 12 కలిపితే 20. కొత్త యంత్రం ఖరీదు సరిగ్గా అంతే. డబ్బుకు పేర్లు రాసి ఉండవు కానీ, ఇలా చదివితే ఇంటికి వాడుకున్న 6 లక్షలకు ఈ ఏడాది సంపాదనలోంచి ఒక్క రూపాయి కూడా మిగల్లేదు. అది పోయినేడు బ్యాంకులో ఉన్న 9లోంచే తీయవలసి వచ్చింది. "మిగతాది ఏమైనట్టు?" అని ఆయన అడిగినప్పుడు చెప్పవలసింది ఇదే. లాభంలో ఎక్కువ భాగం బస్తాల్లోనూ దుకాణాల బాకీల్లోనూ ఉంది. వచ్చే ఏడాదీ ఇంటికి ఆరు లక్షలు కావాలంటే, 25 లక్షల బాకీల్లో ఏవి పాతబడ్డాయో రేపే పేర్లవారీగా రాసి వసూలుకు బయల్దేరాలి. బ్యాంకులో ఇక తీసుకోవడానికి మిగిలింది మూడే.