టార్చి యాప్ లోపల ఏముంది?

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటే సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉండే సాఫ్ట్‌వేర్. ఆ కోడ్‌ను చదవడానికీ, మార్చుకోవడానికీ, మార్చినదాన్ని ఇతరులకు పంచడానికీ దాని లైసెన్స్ హక్కు ఇస్తుంది. ఈ నిర్వచనంలో ధర ప్రసక్తే లేదు. డబ్బు తీసుకుని అమ్మే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, పైసా తీసుకోకుండా కోడ్ దాచుకునే యాప్‌లూ ఉన్నాయి. ఇంగ్లీషులో రెంటికీ ఫ్రీ అనే ఒకే మాట ఉండటంతో చాలాకాలం గందరగోళం నడిచింది. ఆ చిక్కు తప్పించడానికే 1998లో ఓపెన్ సోర్స్ అనే పేరును ముందుకు తెచ్చారు. తెలుగుకు ఆ ఇబ్బంది మొదటినుంచీ లేదు. ఒకటి ఉచితం, ఇంకొకటి స్వేచ్ఛ. హైదరాబాదులో ఈ తరహా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే సంస్థ పేరు కూడా ‘స్వేచ్ఛ’యే.

ప్రోగ్రామర్ రాసేది మనిషి చదవగలిగే వాక్యాల్లాంటి పంక్తులు. అదే సోర్స్ కోడ్. ఫోన్‌కు దాన్ని ఉన్నదున్నట్టు అందించరు. ముందు కంపైల్ చేసి, యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మారుస్తారు. ఫోన్‌లోకి దిగేది ఆ మారిన రూపమే. నిపుణులు దాన్ని విప్పి కొంతవరకు వెనక్కి రాబట్టగలరు కానీ, ప్రోగ్రామర్ పెట్టిన పేర్లూ రాసుకున్న వివరణలూ చాలావరకు పోయి ఉంటాయి. పైగా చాలా యాప్‌ల షరతులు అలా విప్పడాన్నే నిషేధిస్తాయి.

ఈ తేడా ఎంత దూరం పోతుందో చూడటానికి టార్చి యాప్‌ను మించిన ఉదాహరణ దొరకదు. దానికున్న పని ఒక్కటే: ఫోన్ వెనకున్న ఫ్లాష్ దీపాన్ని వెలిగించడం, ఆర్పడం. ఇప్పటి ఆండ్రాయిడ్‌లో వెలిగించే పని ఈ ఒక్క పంక్తితో అయిపోతుంది:

```
cameraManager.setTorchMode(cameraId, true)
```

`true` బదులు `false` అని రాస్తే దీపం ఆరిపోతుంది. మిగతా కోడ్ అంతా బటన్, రంగులు, తెర అమరిక. ఈ పనికి ఫోన్ ఎక్కడుందో తెలియాల్సిన అవసరం లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు.

అమెరికాలో ‘బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్’ అనే ఉచిత ఆండ్రాయిడ్ యాప్‌ను కోట్లాదిసార్లు దించుకున్నారు. అది దీపం వెలిగించడంతో ఆగలేదు. ఫోన్ ఉన్న చోటునూ, ఆ ఫోన్‌ను గుర్తుపట్టే సంఖ్యనూ ప్రకటనల సంస్థలతో సహా బయటివారికి పంపింది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీనిపై చర్య తీసుకుని 2013 డిసెంబరులో కంపెనీతో ఒప్పందానికి వచ్చింది. కమిషన్ ఫిర్యాదులో ఒక వివరం మరీ విడ్డూరం. షరతులకు సమ్మతించాలో తిరస్కరించాలో అడిగే బటన్లను వాడుకరి నొక్కకముందే యాప్ సమాచారం పంపడం మొదలుపెట్టేది. బటన్లు ఉన్నాయి, వాటితో పని లేదు.

అదే పని చేసే ఓపెన్ సోర్స్ యాప్‌లో ఇలాంటిది దాచడం కష్టం. ఆండ్రాయిడ్ యాప్ ఏయే అనుమతులు కోరుతుందో `AndroidManifest.xml` అనే ఫైల్‌లో రాసి ఉండాలి. టార్చి యాప్‌లోని ఆ ఫైల్‌లో ఈ పంక్తి కనబడితే అనుమానించాల్సిందే:

```
<uses-permission android:name="android.permission.ACCESS_FINE_LOCATION" />
```

ఇది ఫోన్ కచ్చితమైన చోటు తెలుసుకోవడానికి కోరే అనుమతి. మూసిన యాప్‌కూ ఈ ఫైల్ ఉంటుంది కాబట్టి, ఏం కోరుతుందో అక్కడా తెలుస్తుంది. ఆ అనుమతితో ఏం చేస్తుంది, తీసుకున్నదాన్ని ఎవరికి పంపుతుంది అన్నది మాత్రం కోడ్‌లోనే ఉంటుంది. ఇంటర్నెట్ అనుమతి సంగతి ఇంకా సూక్ష్మం. దానికి ఆండ్రాయిడ్ వాడుకరిని అడగనే అడగదు, యాప్ కోరితే ఇచ్చేస్తుంది.

కోడ్ కనబడటం కథలో సగమే. మిగతా సగం లైసెన్స్. దాని విలువ ఎప్పుడు తెలుస్తుందంటే, యాప్ చేతులు మారినప్పుడు. ‘సింపుల్ మొబైల్ టూల్స్’ పేరుతో గ్యాలరీ, క్యాలెండర్, ఫైల్ మేనేజర్, టార్చి వంటి చిన్న ఆండ్రాయిడ్ యాప్‌లు ఉండేవి. ప్రకటనలు లేవు, అక్కర్లేని అనుమతులు లేవు. జీపీఎల్ అనే లైసెన్స్ కింద కోడ్ అంతా బయటే ఉండేది. 2023 చివర్లో వాటిని తయారుచేసిన వ్యక్తి జిపోయాప్స్ అనే కంపెనీకి అమ్మేశారు. ప్రకటనలతో యాప్‌ల నుంచి ఆదాయం రాబట్టే కంపెనీగా దానికి పేరు ఉండటంతో వాడుకరులు ఉలిక్కిపడ్డారు.

మూసిన ఉచిత యాప్ అయితే కథ అక్కడితో ముగిసేది. యజమాని మారాడు, ఇష్టమైతే వాడండి, లేదా తీసేయండి. ఇక్కడ అలా జరగలేదు. అప్పటిదాకా ఆ యాప్‌లకు తోడ్పడినవారిలో ఒకరు పాత కోడ్‌ను తీసుకుని, ‘ఫాసిఫై’ అనే కొత్త పేరుతో వాటిని కొనసాగించారు. ఇలా వేరుపడటాన్ని ఫోర్క్ అంటారు. ఇందుకు కొత్త యజమాని అనుమతి అవసరం లేదు, ఎందుకంటే ఒకసారి జీపీఎల్ కింద విడుదలైన కోడ్‌ను వెనక్కి తీసుకోవడం కుదరదు. అమ్మకంలో పాత పేరు చేతులు మారింది కానీ కోడ్ మీద జనానికున్న హక్కు అలాగే నిలిచింది. జీపీఎల్‌లో ఒక మెలిక కూడా ఉంది: మార్చిన రూపాన్ని పంచేవారు తమ కోడ్‌నూ అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. ఎంఐటీ వంటి లైసెన్స్‌లు ఆ షరతు పెట్టవు. వాటి కింద ఉన్న కోడ్‌ను తీసుకుని మూసిన యాప్‌లో కలుపుకోవచ్చు.

అలాగని ఓపెన్ సోర్స్ అంటే భద్రత అని ముద్ర వేసేయకూడదు. కోడ్ బయట ఉన్నంత మాత్రాన ఎవరో చదివి ఉంటారన్న హామీ లేదు. చదివిన కోడే యాప్‌గా మారి ఫోన్‌లోకి వచ్చిందన్న హామీ అంతకన్నా లేదు. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం ఈ రెండో లోపాన్నే వాడుకుంది. లైనక్స్‌లో ఫైళ్లను కుదించే ఈ చిన్న ఓపెన్ సోర్స్ సాధనంలో ఒకరు సుమారు రెండేళ్లు మంచి పనిచేసి నమ్మకం సంపాదించి, చివరకు దొంగదారి పెట్టారు. దాన్ని పనిచేయించే కీలకమైన ముక్క అందరూ చూసే కోడ్ నిల్వలో లేదు, విడుదల కోసం కట్టిన మూటలో మాత్రమే ఉంది. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయడంతో గుట్టు రట్టయింది. కోడ్ తెరిచి ఉండబట్టే ఆయన దాన్ని తవ్వి చూడగలిగాడు. అది ఎవరి కంటా పడకుండా కొన్ని వారాలు చెలామణీ అయిన మాట కూడా నిజమే.

ఇంకో పరిమితి సర్వర్. టెలిగ్రామ్ యాప్ కోడ్ బయటే ఉంది, దాని సర్వర్‌లో నడిచే కోడ్ బయట లేదు. ఫోన్‌లోంచి ఏం వెళ్తుందో చూడవచ్చు, వెళ్లాక ఏమవుతుందో చూడలేం.

కోడ్ చదవడం రానివారు కూడా రెండు సంగతులు సరిచూసుకోవచ్చు. మొదటిది లైసెన్స్. కోడ్ పెట్టిన చోట సాధారణంగా `LICENSE` పేరుతో ఒక ఫైల్ ఉంటుంది. కోడ్ కనబడుతూ, ఏ లైసెన్సూ ఇవ్వకపోతే అది ఓపెన్ సోర్స్ కాదు. చూడనిచ్చారంతే, వాడుకునే హక్కు రచయిత దగ్గరే ఉంది. రెండోది యాప్ వచ్చిన చోటు. ఎఫ్-డ్రాయిడ్ అనే భాండాగారం ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్ యాప్‌లను సాధారణంగా సోర్స్ కోడ్ నుంచి తానే కంపైల్ చేసి ఇస్తుంది. యాప్‌లో ప్రకటనలో, వాడుకరిపై నిఘాపెట్టే భాగాలో ఉంటే ఆ పేజీలోనే హెచ్చరిక రాస్తుంది.

ఇక టార్చి కోసమే యాప్ వెతికేవారికి ఒక మాట: 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నుంచి దీపం మీట ఫోన్‌లోనే ఉంది. తెర పైనుంచి వేలితో కిందికి జరిపితే కనిపిస్తుంది.