ఎంత పలచన చేసినా ఆమ్లం క్షారం కాదు

ఇంటర్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీ పరీక్ష తెల్లారితే. వార్డెన్ గదుల్లో లైట్లు తీయించేయడంతో నేనూ, మా రూమ్మేటూ వరండాలో ట్యూబ్‌లైటు కింద చాప పరుచుకుని ఆమ్లాలు, క్షారాల పాఠం తిరగేస్తున్నాం. నేను లెక్క అడగాలి, తను చెప్పాలి.

“10⁻³ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంతే?”

“మూడు.”

“10⁻⁵ అయితే?”

“ఐదు.”

“మరి 10⁻⁸?”

“ఎనిమిది” అంది, అదే ఊపులో.

“ఏడు దాటితే క్షారం కదే! నీళ్లలో ఆమ్లం కలిపితే క్షారమెలా అవుతుంది?”

తన పెన్ను ఆగిపోయింది. ఈఏపీసెట్‌కి చదివే పిల్లలు తరచూ పడే చిక్కు ఇది. తను వాడిన సూత్రం సరైనదే. లెక్కలోకి రానిది నీరు.

స్వచ్ఛమైన నీటిలోనూ కొన్ని అణువులు విడిపోయి హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లుగా ఉంటాయి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు ఒక్కొక్కటి 10⁻⁷ మోల్. ఆ రెండు గాఢతల లబ్ధం 10⁻¹⁴. ఆమ్లం కలిపినా, క్షారం కలిపినా ఆ లబ్ధం మారదు. ఆమ్లం 10⁻³ మోలార్ ఉన్నప్పుడు నీటి వాటా లెక్కలోకి రానంత తక్కువ. 10⁻⁸ దగ్గర మాత్రం ఆమ్లం కంటే నీరే ఎక్కువ హైడ్రోజన్ అయాన్లు ఇస్తుంది.

“అయితే రెండూ కూడితే సరి” అంటూ తను 1.1 × 10⁻⁷ అని రాసి, పీహెచ్ 6.96 తెచ్చింది. జవాబుకు బాగా దగ్గరకొచ్చింది, కానీ ఇంకో మెట్టు మిగిలింది. ఆమ్లం నుంచి హైడ్రోజన్ అయాన్లు వచ్చి చేరితే నీరు విడిపోవడం కొంత తగ్గుతుంది. నీటి వాటాను y అనుకుంటే, హైడ్రోజన్ అయాన్లు మొత్తం 10⁻⁸ + y, హైడ్రాక్సైడ్ అయాన్లు y.

(10⁻⁸ + y) × y = 10⁻¹⁴

ఈ వర్గ సమీకరణం సాధిస్తే y సుమారు 9.5 × 10⁻⁸ వస్తుంది. దానికి 10⁻⁸ కలిపితే 1.05 × 10⁻⁷. పీహెచ్ 6.98. ఏడుకు వెంట్రుకవాసి తక్కువ, అంటే ఇంకా ఆమ్లమే.

“సోడియం హైడ్రాక్సైడ్ ఇస్తే?” అని ఈసారి తనే అడిగి, తనే చేసింది. 10⁻⁸ మోలార్ ద్రావణానికి 7.02 వచ్చింది.

ల్యాబ్‌లో కొలిస్తే ఈ 6.98 కనిపించదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగితేనే డిస్టిల్డ్ వాటర్ పీహెచ్ 5.6 దాకా దిగిపోతుంది. పరీక్షలో ఇచ్చేది మాత్రం గాలి తగలని ఆదర్శ ద్రావణం.

కాబట్టి విద్యార్థులు గుర్తుంచుకోవాల్సింది ఇది: బలమైన ఆమ్లం గాఢత 10⁻⁶ మోలార్ కంటే తగ్గితే నీటి వాటా కలపండి. 25 డిగ్రీల దగ్గర ఆమ్ల ద్రావణానికి ఏడు దాటిన పీహెచ్ వస్తే, ఆ జవాబు కొట్టేసి మళ్లీ చేయండి.