రెండు సమావేశాల చర్చాపాఠాల తులన: కృష్ణా జలాల పంపకం ఆధారంగా ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

నాగార్జునసాగర్ కుడికాలువ కింద గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిరప సాగు చేసే రైతుకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఈ సంవత్సరం నీటి వాటా మారిందా, లేదా? దీనికి సమాధానం రెండు రాష్ట్రాల అధికారులు పాల్గొన్న సమావేశాల పాఠాల్లో ఉంటుంది. ఒకే విషయంపై వేర్వేరు సంవత్సరాల్లో జరిగిన రెండు సమావేశాలను పోల్చి, మారినదాన్ని సంగ్రహించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. 2015 జూన్‌లో కేంద్ర జలవనరుల శాఖ ఢిల్లీలో నిర్వహించిన సమావేశం, 2021 సెప్టెంబరు 1న హైదరాబాదులో జరిగిన కృష్ణా నదీ యాజమాన్య బోర్డు సమావేశం ఇందుకు ఉదాహరణలు. రెండింటిలోనూ బహిరంగంగా తెలిసిన నిర్ణయాలే ఇక్కడ పరిశీలనాంశాలు.

2. అంశాల జోడింపు

పోలికలో మొదటి పని రెండు పాఠాలను అంశాలవారీగా విడగొట్టడం. సమావేశంలో మాటలు వరుసగా సాగవు. వాటాల చర్చ మధ్యలో విద్యుదుత్పత్తి ప్రస్తావన వస్తుంది, మళ్లీ వాటాల దగ్గరికి చర్చ తిరిగి వస్తుంది. కాబట్టి పేజీకి పేజీని కాక, అంశానికి అంశాన్ని ఎదురెదురుగా ఉంచాలి. ప్రతి అంశం కింద మూడు విషయాలు నమోదు చేయాలి: ఎవరు ఏమి కోరారు, ఏమి నిర్ణయమైంది, ఆ నిర్ణయం ఎంత కాలానికి వర్తిస్తుంది.

ఈ దశలో క్రియారూపాలను జాగ్రత్తగా గమనించాలి. 'కోరారు', 'అంగీకరించారు', 'నిర్ణయించారు' అనేవి మూడు భిన్న స్థితులు. 2021 నాటికి తెలంగాణ సగం వాటా కోరింది. నిర్ణయం మాత్రం 66:34 నిష్పత్తిని ఆ నీటి సంవత్సరానికి కొనసాగించడం. కోరికను నిర్ణయంగా రాసిన సంగ్రహం, వాటా మారకపోయినా మారిందని చెప్పినట్లవుతుంది.

3. అంకెల వెనుక ప్రాతిపదిక

బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు కేటాయించింది. 2015 సమావేశం దానిని ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 టీఎంసీలుగా తాత్కాలికంగా పంచింది. 2021లో కనిపించేది 66:34 అనే నిష్పత్తి. 512ను 811తో భాగిస్తే 63.1 శాతం వస్తుంది. అందువల్ల 'ఆంధ్రప్రదేశ్ వాటా దాదాపు మూడు శాతం పెరిగింది' అని రాయడం సులభం. 811లో 66 శాతం 535 టీఎంసీలు కాబట్టి, పెరుగుదల 23 టీఎంసీలని కూడా లెక్క తేలుతుంది.

ఈ లెక్క తప్పుదారి పట్టిస్తుంది. 811 టీఎంసీల్లో చిన్ననీటి వనరుల కేటాయింపులు కూడా కలిసి ఉన్నాయి. 66:34 నిష్పత్తి ప్రధానంగా శ్రీశైలం, నాగార్జునసాగర్ ఉమ్మడి జలాశయాల నీటి వినియోగానికి సంబంధించినది. విభాజ్యం వేరైనప్పుడు శాతాలను నేరుగా పోల్చకూడదు. పైగా మొదటిది స్థిరపరిమాణం, రెండవది వచ్చిన నీటిలో భాగం. ఉదాహరణకు ఒక సంవత్సరం పంచుకోదగిన నీరు 500 టీఎంసీలే అనుకుంటే, 66 శాతం 330 టీఎంసీలవుతుంది. అంటే నిష్పత్తి మారకపోయినా కాలువకు వచ్చే నీరు మారవచ్చు. పోలిక చేసేవారు మొదట నమోదు చేయవలసిన మార్పు ఇదే: వాటాను చెప్పే రూపం మారింది.

4. మారనివి, మౌనంగా ఉన్నవి

మారని అంశాలను కూడా సంగ్రహంలో చెప్పాలి. రెండు ఏర్పాట్లూ తాత్కాలికమైనవే. తుది కేటాయింపు ట్రిబ్యునల్ పరిధిలోనిదే. 'కొనసాగింపు' అనే మాటను 'శాశ్వతం'గా చదవడం ఇక్కడ జరిగే సాధారణ పొరపాటు. కాలపరిమితి చెప్పకుండా నిర్ణయాన్ని మాత్రమే రాస్తే, మరుసటి ఏడాది చర్చ ఎందుకు మళ్లీ మొదలైందో పాఠకునికి అర్థంకాదు.

మౌనాన్ని అంగీకారంగా తీసుకోరాదు. 2021 సమావేశం నుంచి విద్యుదుత్పత్తి అంశంపై తెలంగాణ ప్రతినిధులు నిష్క్రమించారు. ఒక పక్షం వెళ్లిపోయిన తరువాత పాఠంలో అభ్యంతరం కనబడకపోవడం సమ్మతికి ఆధారం కాదు. అందుచేత నిష్క్రమణ ఏ అంశం వద్ద జరిగిందో, ఏ అంశాలు దానికి ముందు తేలాయో వరుసక్రమంలో చూపాలి.

5. ముగింపు

పై పరిశీలన ప్రకారం సంగ్రహం ఇలా ఉంటుంది: 2015లో వాటా టీఎంసీల్లో చెప్పబడింది, 2021లో నిష్పత్తిగా చెప్పబడింది, రెండింటి ప్రాతిపదిక ఒకటి కాదు, ఏర్పాటు తాత్కాలికంగానే ఉంది, సగం వాటా అనే కోరిక నిర్ణయం కాలేదు. ఈ ఐదు వాక్యాల్లో ప్రతిదానికీ మూలపాఠంలో సంబంధిత స్థలాన్ని చూపగలిగితేనే పోలిక పూర్తయినట్లు. చూపలేని వాక్యం సంగ్రహకర్త ఊహగా మిగులుతుంది. ఆ ఊహను నమ్మి రైతు మిరపనారు పోస్తే, నష్టం మాత్రం ఊహ కాదు.