ఆఫీసుకు రమ్మనే ఉత్తరం

2024 సెప్టెంబరు 16న అమెజాన్ సీఈవో ఆండీ జాస్సీ ఉద్యోగులకు ఒక ఉత్తరం రాశారు. అప్పటిదాకా వారానికి మూడు రోజులు ఆఫీసుకు వస్తున్నవారు 2025 జనవరి 2 నుంచి ఐదు రోజులూ రావాలన్నది దాని సారాంశం. ఆ సంస్థకు హైదరాబాద్‌లోనూ పెద్ద ప్రాంగణం ఉంది కాబట్టి ఆ కబురు మన ఇళ్లలోకీ వచ్చింది.

ఉత్తరంలో మెచ్చుకోవాల్సినవి ఉన్నాయి. అమలు తేదీ స్పష్టంగా ఉంది. కొందరు తమ జీవితాన్ని ఇంటి పనికి తగ్గట్టు అమర్చుకున్నారని ఒప్పుకుని, సర్దుకోవడానికి మూడున్నర నెలలు ఇచ్చారు. పిల్లలకు జ్వరం వచ్చినా, ఇంట్లో అత్యవసరం పడినా, ఒకటి రెండు రోజులు ఏకాంతంగా కూర్చుని కోడ్ రాయాల్సి వచ్చినా కొవిడ్‌కు ముందులాగే ఇంటి నుంచి పని చేయవచ్చని రాశారు. ఇలాంటి మినహాయింపులు కాగితం మీద లేకపోతే ప్రతి ఉద్యోగీ మేనేజరు దయ మీద ఆధారపడాల్సి వస్తుంది.

చిక్కంతా కారణాల దగ్గర వచ్చింది. ఎదురెదురుగా ఉంటే ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడం, కలిసి ఆలోచించడం, సంస్థ పద్ధతులు ఒంటబట్టడం సులువవుతాయని జాస్సీ రాశారు. అది నిజమే కావచ్చు. కానీ మూడు రోజులు ఎందుకు చాలలేదో చూపే లెక్క ఆ ఉత్తరంలో లేదు. అంకెలు చూసి నిర్ణయాలు తీసుకోవడమే తన పద్ధతని చెప్పుకునే సంస్థలో ఈ లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్టోబరులో 500 మందికి పైగా ఉద్యోగులు క్లౌడ్ విభాగాధిపతి మాట్ గార్మన్‌కు రాసిన లేఖలో ఈ ఆధారాల లేమినే ఎత్తిచూపారు. అంతకుముందు ఆయన, ఈ పద్ధతి నచ్చనివారికి వేరే కంపెనీలు ఉన్నాయన్నారు. అలాంటి మాట విన్నాక తన ఇబ్బంది చెప్పుకోవడానికి ఎవరు ముందుకొస్తారు? ఇది ఉద్యోగులను వదిలించుకునే దొడ్డిదారి కాదని నవంబరులో జాస్సీ స్వయంగా వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఒక్క వాక్యం సెప్టెంబరులోనే రాసి ఉంటే అనుమానం అంత దూరం పాకేది కాదు.

వసతి సంగతీ ఉంది. కొన్ని నగరాల్లో అందరికీ సరిపడా డెస్కులు లేక గడువును వాయిదా వేశారు. బల్లలు లెక్కపెట్టుకున్నాకే తేదీ ప్రకటించాలి.

మీ సంస్థలో ఇలాంటి ఉత్తరం రాసే బాధ్యత మీదైతే, “సందేహాలుంటే అడగండి” అని ముగించి ఊరుకోకండి. ఎవరిని అడగాలో పేరుతో రాయండి, జవాబు ఏ తేదీలోగా వస్తుందో చెప్పండి, పేరు చెప్పకుండా అడిగే దారి కూడా ఒకటి ఉంచండి.